మామగారి బాయిలరు సూత్రం

మా వంటగది కట్టిన మేస్త్రీ ఎవరో నాకు తెలియదు గానీ, వంట చేసే మనిషి మీద అతనికి ఏదో పాత పగ ఉండి ఉంటుంది. గది పడమటి వైపు. పైన రేకు. కిటికీ ఉంది, కానీ అది పక్కింటి గోడను చూడటానికి తప్ప గాలి రావడానికి పనికిరాదు. ఎండాకాలం పన్నెండు గంటలకు పొయ్యి వెలిగిస్తే, కింద మంట, పైన రేకు, మధ్యలో నేను. అట్ల పెనం మీద అట్టుకైనా తిరగేసేవాళ్లు ఉంటారు.

ఆ ఏడు ఎండలు ముదరగానే ఒక మధ్యాహ్నం గరిటె చేతిలో ఉండగానే నాకు కళ్లు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని నేల మీద కూర్చున్నాను. మా అత్తగారు వచ్చి, నా మొహాన నీళ్లు కొట్టి, ఆ తర్వాత కూర మాడిందేమోనని చూశారు. వరస తప్పలేదు, ముందు నన్నే చూశారు. అందుకని ఆ సాయంత్రం ధైర్యం చేసి అడిగాను.

"అత్తయ్యా, ఈ ఎండలు తగ్గేదాకా మధ్యాహ్నం పొయ్యి వెలిగించను. వండేదంతా తెల్లవారకముందే వండేస్తాను. మధ్యాహ్నానికి పెరుగు, మజ్జిగ, దోసకాయలు, సొరకాయ, పళ్లు. కడుపు చల్లగా ఉంటుంది, నేనూ నిలబడగలుగుతాను."

"పొగలు రాని అన్నం ఎట్లా తింటారే మనుషులు?" అన్నారు అత్తగారు. "ఆదివారం చిట్టీ, అల్లుడూ భోజనానికి వస్తున్నారు. అల్లుడికి చల్లారిన అన్నం పెట్టానని నలుగురికీ తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

చిట్టి నా ఆడపడుచు. పెళ్లయి రెండేళ్లే అయింది కాబట్టి వాళ్లాయన ఇంకా కొత్త అల్లుడి కిందే లెక్క.

చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం దాకా నా పద్ధతి. ఆ రోజు అల్లుడి ముందు పరువు నిలబడితే వానలు పడేదాకా నా ఇష్టం. పోతే మళ్లీ పన్నెండింటికి పొయ్యి, రేకు, నేను.

మొదటి రోజు పద్ధతిగానే గడిచింది. చీకటితోనే లేచి అన్నం వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోశాను. గోరువెచ్చగా ఉండగానే మెత్తగా మెదిపి, అన్నం మునిగేలా కాచి చల్లార్చిన పాలు పోసి, పెరుగు మాత్రం రెండు చెంచాలే వేశాను. అంతా పెరుగే కలిపితే ఎండకు మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. పాలు ఎక్కువగా ఉంటే తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. సొరకాయ తురిమి ఆవిరి మీద మగ్గించి, పూర్తిగా చల్లారాకే చిలికిన పెరుగులో కలిపాను. వేడిగా వేస్తే పెరుగు విరిగి నీళ్లూ ముక్కలూ వేరవుతాయి. దోసకాయలు కొస కోసి, ప్రతిదీ రుచి చూసి, చేదు వచ్చినదాన్ని పక్కన పెట్టాను. తరిగిన ముక్కలకు ఉప్పు వడ్డించే ముందే. ముందుగా వేస్తే గిన్నెలో ముక్కలు ఈత కొడతాయి.

పెరుగు కుండ సంగతి వేరే చెప్పాలి. మాకు ఫ్రిజ్ ఉంది. కానీ పొద్దున్న పోయిన కరెంటు మధ్యాహ్నానికి గానీ రాదు కాబట్టి, అది తలుపున్న అలమారా మాత్రమే. మా ఆయన కరెంటు ఆఫీసులో గుమాస్తా. కరెంటు పోయినప్పుడల్లా వీధంతా మా గుమ్మం వైపు చూస్తుంది, ఆయనే ఇంట్లో దాచిపెట్టినట్టు. అందుకని నేను పెరుగు మట్టి కుండలో తోడుపెట్టి, వెడల్పాటి పళ్లెంలో ఇసుక పోసి తడిపి, అందులో కుండ కుదురుగా పెట్టి, చుట్టూ తడిగుడ్డ కడతాను. గుడ్డ ఆరుతున్నంతసేపూ కుండ చల్లబడుతుంది. ఆరితే మళ్లీ తడపాలి. అంతే రహస్యం.

ఆ రోజు మా ఆయనకూ సెలవు కాబట్టి మధ్యాహ్నం విస్తళ్ల ముందు అందరూ కూర్చున్నారు. మామగారు అన్నం వైపు చాలాసేపు చూశారు.

"ఏదమ్మా పొగ?"

"ఇది చల్లగా తినేది మామయ్యా."

మామగారు నూలు మిల్లులో బాయిలరు దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆవిరి మీద ఆయనకున్న నమ్మకం మనుషుల మీద లేదు. కాఫీ గ్లాసు మీదైనా, స్నానాల గదిలోనైనా ఆవిరి కనిపిస్తే గానీ ఆయన మొహం విప్పారదు.

"చూడమ్మా," అన్నారు ముద్ద చేతిలోనే పట్టుకుని. "కాగుతున్న బాయిలర్లో చన్నీళ్లు ఎప్పుడూ పొయ్యరు. పోస్తే ఇనుము పగులుతుంది. నీళ్లని ముందు వేడిచేసి, అప్పుడు లోపలికి పంపుతారు. కడుపైనా అంతే. ఇంత ఎండలో తిరిగొచ్చిన కడుపులో చల్లటి మజ్జిగ పోస్తే ఏమవుతుంది?"

"చల్లబడుతుంది," అన్నాడు మా ఆయన. ఆదివారం ఎటు తిరిగినా తన అన్నం తనకుంటుందన్న ధీమాతో ఉన్నాడు.

"పగులుతుంది!"

అందరం నవ్వాం. అత్తగారు అయితే పొలమారేదాకా నవ్వారు. "ముప్పై ఏళ్లు ఆ బాయిలరుతో కాపురం చేశారు, నాతో చేసింది సెలవు రోజుల్లోనే," అన్నారు. మామగారు మాట్లాడకుండా తిని లేచారు. ఆయన అలా ఊరుకున్నప్పుడే నేను కనిపెట్టవలసింది. మామగారు వాదించడం మానేశారంటే పనిలోకి దిగారని.

రెండో రోజు పెరుగు పుల్లబడింది.

అత్తగారి నాలుకకు కొలత ఉంది. కొంచెం పులుపైతే కుడికన్ను మూతపడుతుంది. బాగా పులుపైతే రెండూ. ఆ రోజు కుడికన్ను మూసి, ఎడమకన్నుతో నన్ను చూశారు.

"ఏమ్మాయ్, తోడు ఎక్కువ వేశావా?"

ఆ రాత్రి తోడు సగానికి తగ్గించాను. మర్నాడు మళ్లీ కుడికన్ను. పాలవాడి మీద అనుమానం వచ్చింది. పొద్దున్న గుమ్మంలోనే పట్టుకున్నాను.

"నిన్నటి పాలు కలిపి పోస్తున్నావా ఏమిటి?"

"అమ్మా, నిన్నటి పాలు మిగిల్తే ఇవాళ నేను ఇట్లా తెల్లారకుండా లేచి ఎందుకు పితుకుతానమ్మా?" అన్నాడు. "పెరుగు పులిస్తే పాలవాడు, పాలు విరిగితే పాలవాడు. మీ ఇంట్లో గడియారం ఆగినా నన్నే అడుగుతారేమో."

మాట పడ్డాను గానీ, ఆలోచిస్తే అతని తప్పు కాదని తేలింది. మా ఆయన డబ్బాలో అన్నం కలిపేది అదే కుండలోంచి, ఏడున్నరకి. ఆయన సాయంత్రం వచ్చి, "ఇవాళ పెరుగన్నం ఎంత కమ్మగా ఉందో! పక్క బల్లవాడు సగం తినేశాడు," అన్నాడు. అదే కుండలో పెరుగు మధ్యాహ్నం అత్తగారి కన్ను మూయిస్తోంది. అంటే పాలు మంచివే, తోడు మంచిదే. ఏడున్నరకీ పన్నెండుకీ మధ్య కుండకు ఏదో జరుగుతోంది. ఆ మధ్యలో నేను కూరల బండి దాకా వెళ్లి వస్తాను.

అప్పుడు ఇంట్లో ఉండేది అత్తగారూ మామగారూ ఇద్దరే. నేను ఓడిపోతే లాభం ఎవరికని చూస్తే, పొగలు రాని అన్నం వద్దన్న అత్తగారు కనిపించారు. ఆవిడకేమో, అల్లుడి ముందు తన పరువు తీయడానికి నేనే కావాలని పెరుగు పాడుచేస్తున్నానేమోనని అనుమానం. ఇద్దరం వంటగదిలో ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ తిరిగాం. ఆవిడ కొత్తిమీర తుంచుతుంటే నేను అక్కడే గిన్నె తుడిచేదాన్ని. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచేదాన్ని.

"ఆ గిన్నె అరిగిపోతుంది," అన్నారావిడ.

"మీ కొత్తిమీర కాడలే మిగిలాయి," అన్నాను నేను.

శనివారం మధ్యాహ్నం నా మజ్జిగ గ్లాసులో ఏదో తేలింది. వేలితో తీసి వెలుగులో చూశాను. ముదురెరుపు రంగు ఉన్ని పోగు.

కుండ దగ్గరకు వెళ్లి చూస్తే మూతి అంచున ఇంకో రెండు పోగులు అంటుకుని ఉన్నాయి. కాకులు కూడా నీడ వెతుక్కునే రోజుల్లో ఉన్ని! ఈ ఇంట్లో ముదురెరుపు ఉన్ని వస్తువు ఒక్కటే. మామగారి మఫ్లరు. చలికాలంలో అది మెడ చుట్టూ, ఎండాకాలంలో ట్రంకుపెట్టె అడుగున ఉండాలి.

ఆదివారం పొద్దున్న సంచీ పట్టుకుని వీధి గుమ్మంలోంచి బయటికి వెళ్లి, సందు చుట్టూ తిరిగి పెరటి తలుపులోంచి లోపలికి వచ్చాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయనకు పెరటి తలుపు తాళంచెవి లేకపోవడం వల్ల కావచ్చు.

పెరటి మెట్ల మీద, ఎండ ముందుగా తగిలే చోట, నా పెరుగు కుండ ఉంది. తడిగుడ్డ విప్పి పక్కన మడతపెట్టి ఉంది. కుండ మెడకూ ఒంటికీ మఫ్లరు చుట్టి, ముందువైపు ముడి వేసి ఉంది. మామగారు పక్కనే కూర్చుని, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు కుండ మీద అరచెయ్యి ఆనించి, గడియారం చూసుకుంటున్నారు.

"మామయ్యా!"

ఆయన ఉలిక్కిపడి లేచారు. కానీ చెయ్యి మాత్రం కుండ మీదనుంచి తియ్యలేదు.

"అరవకమ్మా, మీ అత్త వింటుంది."

"ఏం చేస్తున్నారు మామయ్యా మీరు?"

"చలి విరుస్తున్నాను," అన్నారు గొంతు తగ్గించి. "చెప్తే నవ్వారు. నవ్వితే నవ్వారు, నలుగురి కడుపులు నా కళ్లముందు పగులుతుంటే చూస్తూ ఊరుకోనా? నువ్వు బండి దగ్గరకు వెళ్లగానే ఇక్కడ పెట్టి, వచ్చేలోపు మళ్లీ ఇసుకలో పెట్టేస్తున్నా. గుడ్డ కూడా తడిపే కడుతున్నానమ్మా, ఏ లోటూ చెయ్యలేదు. ఇవాళ అల్లుడుగారు వస్తున్నారని ఇంకాస్త ముందే పెట్టాను. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడే."

నాకు ఏడుపు రావాలో నవ్వు రావాలో తెలియలేదు. పెరుగు ఇంకా ఇంకా పులియడానికి కావలసిన వెచ్చదనం ఎంతో, సరిగ్గా అంతే చూసి ఇస్తున్నారు ఆయన. పగబట్టి చేసినా అంత కుదురుగా కుదరదు.

నా కేక అత్తగారు విననే విన్నారు. వచ్చి, మఫ్లరు కట్టుకున్న కుండనూ, తన భర్తనూ మార్చి మార్చి చూశారు. ఒక చెంచా పెరుగు నోట్లో వేసుకున్నారు. రెండు కళ్లూ మూతపడ్డాయి. చాలాసేపు తెరుచుకోలేదు.

"నా మెడకు ఎప్పుడైనా కట్టారా ఇంత ప్రేమగా?" అన్నారు కళ్లు మూసుకునే. తర్వాత నా వైపు తిరిగారు. "తప్పు నీది కాదమ్మాయ్, ఒప్పుకుంటాను. కానీ ఇది అల్లుడి విస్తట్లో వెయ్యలేను. పదకొండున్నరకి పొయ్యి వెలిగించు. వేడిగా అన్నం, కూర, ఏదో ఒకటి."

తప్పు నాది కాదు గానీ పొయ్యి మాత్రం నాదే.

అయినా చెయ్యగలిగింది చేశాను. పుల్లబడిన పెరుగును పల్చటి గుడ్డలో పోసి మూటకట్టి కుళాయికి వేలాడదీశాను. పులుపు చాలావరకూ పెరుగులోని నీటిలో ఉంటుంది. ఆ నీరు బొట్టుబొట్టుగా కిందికి దిగిపోతే, మిగిలిన ముద్దను చల్లటి పాలతో పల్చగా చేసుకోవచ్చు. కానీ దిగడానికి సమయం కావాలి. మూట కింద గిన్నె పెట్టి, పదకొండున్నరకి పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాను.

రేకు అప్పటికే పనిలో ఉంది. పైట చెంగుతో మొహం తుడుచుకుంటే చెంగు తడిసింది గానీ మొహం ఆరలేదు. గుమ్మంలో మామగారు వచ్చి నిలబడ్డారు. మఫ్లరు ఇంకా చేతిలోనే ఉంది.

"నా వల్లే కదమ్మా ఇదంతా. ఆ గరిటె ఇలా ఇయ్యి. ఎసరు కాగేదాకా నేను చూస్తా, నువ్వు కాస్త బయట కూర్చో."

"మీకెందుకు మామయ్యా."

"ముప్పై ఏళ్లు నిప్పు దగ్గర నిలబడ్డవాణ్ణి. దీనికి భయపడతానా?"

నేను వసారాలో కూర్చున్నాను. లోపల మొదట ఆయన కూనిరాగం వినిపించింది. కాసేపటికి రాగం ఆగింది. ఇంకాసేపటికి గరిటె గట్టు మీద పెట్టిన చప్పుడు. తొంగిచూస్తే ఆయన చెయ్యి పైకెత్తి రేకుకు తాకించి, చురుక్కుమని వెనక్కి లాక్కున్నారు. తర్వాత గోడ తాకారు. కిటికీ దగ్గర అరచెయ్యి పెట్టి గాలి వస్తుందేమో చూశారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. బయటికొచ్చి, నా ముందు నిలబడ్డారు.

"అమ్మాయ్, రోజూ ఇక్కడే వండుతున్నావా?"

"ఇంకెక్కడ వండుతాను మామయ్యా?"

"కళ్లు తిరిగి పడ్డది ఇక్కడేనా?"

"ఆ పొయ్యి ముందే."

ఆయన నుదుటి చెమట తుడుచుకున్నారు. "మా మిల్లులో కొలిమి మొహాన ఇద్దరుండేవాళ్లం. ఒకడు లోపలుంటే ఒకడు బయట గాలికి. కాసేపటికోసారి మారాలి, అది రూలు. మారకపోతే మేనేజరు ఫైను వేసేవాడు." గుమ్మంలోంచి వంటగదిని ఇంకోసారి చూశారు. "ఇక్కడ నీ రెండోవాడు ఎవరు?"

"ఎవరూ లేరు."

ఆయన లోపలికి వెళ్లారు. పొయ్యి కట్టేసిన టిక్కుమనే చప్పుడు, తర్వాత సిలిండరు మీటను తిప్పిన చప్పుడు వినిపించాయి.

అత్తగారు పరుగున వచ్చారు. "ఏమండీ, ఎసరు కాగనే లేదు! అల్లుడు వచ్చే వేళయింది!"

"రానీ."

"అన్నం?"

"తెల్లారే వండిందిగా. బాయిలరు ఆపేశాం. ఇక ఇవాళ దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు," అన్నారు. ముప్పై ఏళ్లు ఆ మాట మిల్లులో ఎలా అన్నారో నాకు అప్పుడు తెలిసింది. అత్తగారికి కూడా తెలిసినట్టుంది, విస్తళ్లు వేయడానికి కదిలారు.

మూట విప్పాను. పసుపుపచ్చటి నీరు గిన్నెలో దిగింది, గుడ్డలో తెల్లటి ముద్ద మిగిలింది. ముందు ముద్దను ఒక్కదాన్నే ఉండలు లేకుండా చిలికి, ఆ తర్వాత చల్లటి పాలు కొంచెం కొంచెంగా కలిపాను. కొంత అన్నంలోకి. కొంత మగ్గించి ఉంచిన సొరకాయలోకి. మిగిలినదానికి కుండ నీళ్లు పోసి మజ్జిగ చేసి, దంచిన అల్లం, పుదీనా, ఉప్పు వేశాను. గ్లాసు మామగారి ముందుకు పట్టుకెళ్లాను.

"మీరు ముందు చూడండి మామయ్యా. ఇది ఐసు కాదు, కుండ నీళ్ల చల్లదనం. ఇంత తేడాకే పగులుతుందా?"

ఆయన చూపుడువేలు ముంచి, కళ్లు మూసుకుని లెక్కేశారు. "ఇంత తేడాకు..." అని ఒక గుక్క తాగారు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గడియారం చూశారు. మేమందరం ఆయన పొట్ట వైపే చూశాం.

"పగల్లేదు," అన్నారు. మిగిలింది తాగేశారు.

అప్పుడే చిట్టీ, అల్లుడూ లోపలికి వచ్చారు. ఎండలో స్కూటరు మీద వచ్చిన అల్లుడి మొహం పండు మిరపకాయలా ఉంది. చెప్పులు విడవకముందే మజ్జిగ ఇస్తే, గ్లాసు కింద పెట్టకుండా తాగాడు. రెండోది అడిగాడు. మూడోది అడక్కుండానే పోశాను. ఆ తర్వాతే "బాగున్నారా మామయ్యగారూ" అన్నాడు.

విస్తట్లో పాలతో తోడుకున్న అన్నం, చిలికిన పెరుగులో సొరకాయ, దోసకాయ ముక్కలు, సన్నగా తురిమిన పచ్చి మామిడికాయ, చివర పుచ్చకాయ ముక్కలు. అత్తగారు చేతులు నలుపుకుంటూ పక్కనే నిలబడ్డారు. అల్లుడు మొదటి ముద్ద తిని ఆగాడు. అత్తగారి ఊపిరి కూడా ఆగింది.

"అత్తయ్యగారూ, ఒక మాట చెప్తే ఏమీ అనుకోరుగా?"

"చెప్పు నాయనా," అన్నారావిడ, గోడకు చేరగిలబడి.

"అల్లుణ్ణని ఎక్కడికెళ్లినా పొగలు కక్కే అన్నం పెడతారు. చెమటతో కూర్చుని, చెమటతో తిని, చెమటతో లేస్తాను. వద్దంటే మర్యాద కాదు. ఇన్నాళ్లకి ఒక ఇంట్లో ప్రాణం చల్లబడింది. ఇంకాస్త వెయ్యండి."

అత్తగారు తేరుకున్నారు. "నేనే చెప్పాను బాబూ మా కోడలికి," అన్నారు. "ఈ ఎండల్లో ఎవడు తింటాడే పొగలొచ్చే అన్నం, చల్లగా చెయ్యమని."

చిట్టి నా వైపు చూసి, "అవునా వదినా?" అంది.

"మీ అమ్మ మాట ఎప్పుడు కాదన్నాను?" అన్నాను, రెండోసారి వడ్డిస్తూ.

వానలు పడేదాకా మా వంటగదిలో మధ్యాహ్నం పొయ్యి వెలగలేదు. అయితే ఆ వంటగదికి రెండోవాడు మాత్రం వచ్చాడు. సాయంత్రం పాలు కాచి దించగానే మామగారు కుర్చీ తెచ్చుకుని కూర్చుంటారు. పాలలో వేలు పెట్టి, "ఊహూ, ఇంకా వేడుంది. తోడు వేశావో, విరుగుతుంది," అంటారు. కాసేపటికి మళ్లీ వేలు. గోరువెచ్చన అని ఆయన ఒప్పుకుంటేనే తోడు పడుతుంది. కుండ మీద తడిగుడ్డ ఆరితే ఇల్లంతా వినపడేట్టు పిలుస్తారు. పొద్దున్నే కరెంటు ఉన్న కాసేపూ ఎవరైనా ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడితే, "లోపలి చలంతా బయటికి వదులుతావేం?" అని కసురుతారు. మా ఆయన ఇప్పుడు నీళ్ల సీసా దొంగలా తీసుకుంటున్నాడు. పాలవాడిక్కూడా ఆ మధ్య బాయిలరు గురించి అరగంట చెప్పారట. అతను అప్పటినుంచి పాలు గుమ్మంలో పెట్టి పరుగు తీస్తున్నాడు.

మఫ్లరును నేనే ఉతికి, ఆరేసి, ట్రంకుపెట్టెలో సర్దబోతే ఆయన ఆపారు.

"అడుగున పెట్టకమ్మా. పైనే పెట్టు."

"ఇప్పుడు మీకు దీనితో ఏం పని మామయ్యా?"

"చలికాలంలో పెరుగు తోడుకోక నువ్వు కుండను ఎక్కడెక్కడ దాస్తావో నేను చూళ్లేదా? బియ్యం డబ్బాలో, దుప్పటి కింద..." అని ఆయన మఫ్లరు నా చేతిలోంచి తీసుకుని, మడత సరిచేసి, పైన పెట్టారు. "అప్పుడు అడుగుతావు. ముడి ఎలా వెయ్యాలో నాకు తెలుసు."